అప్పడం ‘అవ్వడం’ అయిన పౌచ్: చిన్న అచ్చుకు తెలుగు ఫాంటు ఎంపిక, ఒక కేస్ స్టడీ

బరంపురంలో అప్పడాలు, పచ్చళ్లు చేసి అమ్మే ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లూ ఎక్కువే, సరుకు దక్షిణంగా ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు వెళ్లడమూ మామూలే. అందుకే ఇక్కడి పౌచ్‌ల వెనక తరచుగా మూడు లిపులు కనిపిస్తాయి: ఇంగ్లిషు, ఒడియా, తెలుగు. ముగ్గురికీ అరచేతంత చోటులోనే కాపురం. ఈ కేసు అలాంటి ఒక వంద గ్రాముల అప్పడాల పౌచ్‌ది. తయారీదారు ఒక పెద్దావిడ, పిన్నిగారని పిలుస్తాను. ఆవిడ కంపెనీ పేరు, అచ్చు వేసిన ప్రెస్ పేరు ఇక్కడ అవసరం లేదు.

ఆవిడ ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పారు. “బాబూ, ఇచ్ఛాపురం కొట్టాయన ఫోను చేసి, ‘అవ్వడం వేయించే విధానం’ అని రాశారేమిటమ్మా అని నవ్వుతున్నాడు. నేను అప్పడం అనే రాయించాను కదా?”

పౌచ్ తెప్పించుకుని చూశాను. డీటీపీ ఫైలులో అప్పడం అప్పడంగానే ఉంది. అచ్చులో మాత్రం ‘ప’ తలకట్టుకీ కింది ఒంటికీ మధ్య ఉండాల్సిన సందు పూడిపోయింది. తెలుగులో ప, స, ష, హ, ఘ అక్షరాలకు తలకట్టు ఒంటికి అంటదు. ‘వ’కు అంటుతుంది. ఆ సన్నని సందు మూసుకుపోతే ‘ప’ చూపుకి ‘వ’ అయిపోతుంది. ఒత్తు దగ్గర ఇంకో ఆధారం ఉంది: ‘ప’ ఒత్తు కుడిపక్కకు జరిగి ఉంటుంది, ‘వ’ ఒత్తు నేరుగా కింద ఉంటుంది. కానీ అంత చిన్న సైజులో ఎవరూ ఒత్తు ఎక్కడుందో చూసి చదవరు, అక్షరం పోలికను బట్టే చదువుకుంటూ పోతారు. పైగా ఈ జాబితా నిండా ‘ప’లే. అప్పడం, మినప్పిండి, ఉప్పు, పొడి. పచ్చడి పౌచ్ అయితే పసుపూ వచ్చి చేరుతుంది.

అదే పౌచ్‌లో కింద ఎర్రటి పట్టీ మీద తెల్ల అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: ‘గాలి తగలని డబ్బాలో భద్రపరచండి’. అక్కడ జబ్బు తలకిందులుగా ఉంది. సందులు పూడలేదు, గీతలే మాయమయ్యాయి. ‘భ’ కింద ఉండే నిలువు గీత పోయింది. ‘బ్బా’లో ఒత్తు సగం తినేసినట్టుంది. పైన లావెక్కి పాడైన ఫాంటు, కింద చిక్కి పాడైంది. ఒకే పౌచ్, ఒకే ఫాంటు, ఒకే మందం. కేసు మొత్తం ఈ తేడాలోనే ఉంది.

పౌచ్ అచ్చయింది ఫ్లెక్సో పద్ధతిలో. ఇందులో అక్షరం రబ్బరు ముద్రలా ప్లేటు మీద ఉబ్బెత్తుగా ఉంటుంది. దానికి సిరా పట్టించి ప్లాస్టిక్ ఫిల్ము మీద ఒత్తుతారు. ఒత్తినప్పుడు ప్లేటు కొంచెం నలుగుతుంది, సిరా అంచుల్లోంచి బయటికి నడుస్తుంది. ప్రతి గీతా అన్ని వైపులా కాస్త ఉబ్బుతుంది. నల్ల అక్షరంలో ఉబ్బేది అక్షరమే, కాబట్టి సందులు మూసుకుంటాయి. తెల్ల అక్షరం విషయంలో ఉబ్బేది చుట్టూ ఉన్న ఎరుపు, అది అక్షరాన్ని లోపలికి తినేస్తుంది. కాబట్టి ఒకే మందం ఈ రెండు చోట్లకీ ఎప్పుడూ సరిపోదు. నల్ల అక్షరానికి మనం కళ్లతో కోరుకునేదానికన్నా పలచని మందం కావాలి, తెల్ల అక్షరానికి దానికన్నా లావుది కావాలి. చిన్న అక్షరం కనబడదేమో అన్న భయంతో డీటీపీ షాపులో అందరూ చేసే పని నల్ల అక్షరాన్ని బోల్డు చేయడం. ఈ పౌచ్‌లో జరిగిందీ అదే.

ఫాంటు మార్చే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. తప్పు ఫాంటుదా, ప్రెస్‌దా? కొలత గీతలున్న భూతద్దంతో చూస్తే చాలావరకు తేలిపోతుంది. అక్షరం అంచు చుట్టూ ముదురు రేఖ, లోపల కాస్త వెలిసినట్టు కనిపిస్తే ఒత్తిడి ఎక్కువైందని అర్థం. అప్పుడు ఏ ఫాంటు పెట్టినా ఆదుకోదు, ఆపరేటరు ఒత్తిడి తగ్గించాల్సిందే. ఫిల్ము రోలు నడిచే దిశలో మాత్రమే అక్షరం సాగినట్టుంటే ప్లేటు జారుతోంది. రంగు అంచు ఒక పక్కే తొంగి చూస్తే రెండు రంగుల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. మన పౌచ్‌లో నల్ల అక్షరాలు అన్ని వైపులా దాదాపు సమానంగా లావెక్కాయి, అంచు ముదురు కూడా పెద్దగా లేదు. అంటే ప్రెస్ తన మామూలు పని తాను చేసింది, ఫైలే దానికి తగ్గట్టు లేదు. ఎర్ర పట్టీలో మాత్రం తెల్ల అక్షరాల ఎడమ అంచున పసుపు తొంగి చూస్తోంది. ఆ ఎరుపును మెజెంటా, పసుపు కలిపి తయారు చేశారు. అంటే ప్రతి తెల్ల గీతా రెండు ప్లేట్లలోనూ సరిగ్గా ఒకే చోట ఖాళీగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఏదో ఒక రంగు గీతను కొరికేస్తుంది.

సిరా ఎంత నడుస్తోందో అంకెలో తెలియాలి. లేకపోతే ఫాంటు ఎంపిక గుడ్డిదవుతుంది. ప్రెస్‌ను అడిగితే “మా మిషను బాగానే ఉంది సార్” అంటారు, అది వాళ్ల తప్పు కాదు. ఇలాంటప్పుడు నేను పౌచ్ మీదున్న బార్‌కోడునే కొలబద్దగా వాడతాను. మన దుకాణాల సరుకు మీద కనిపించే 13 అంకెల బార్‌కోడులో అతి సన్నని గీత వెడల్పు పూర్తి సైజులో 0.33 మిల్లీమీటర్లు, 80 శాతం సైజులో 0.264. రెండు చివరలా కిందికి పొడుగ్గా దిగే గీతల జంట ఉంటుంది. అందులో గీత, ఖాళీ, గీత అన్నీ ఒకే వెడల్పు. సిరా నడిస్తే గీతలు లావెక్కి మధ్య ఖాళీ తగ్గుతుంది. కానీ ఒక గీత నడిమి నుంచి రెండో గీత నడిమి దాకా ఉన్న దూరం మారదు, సన్నని గీత వెడల్పుకు అది ఎప్పుడూ రెండింతలే. కాబట్టి భూతద్దం మీద ఫోను పెట్టి ఫొటో తీసి, పెద్దది చేసి, గీత వెడల్పును ఆ దూరంతో పోలిస్తే సరిపోతుంది. వేరే స్కేలు అక్కర్లేదు. బార్‌కోడు గీతలను ఫైలులో ముందే సన్నం చేసి పంపడం కొన్ని చోట్ల అలవాటు, అందుకే కొలిచే ముందు ఫైలు కూడా తెరిచి చూడాలి. ఇక్కడ అలా చేయలేదు.

80 శాతం బార్‌కోడులో 0.264 ఉండాల్సిన గీత అచ్చులో దాదాపు 0.36 వచ్చింది. అంటే రెండు అంచులూ కలిపి 0.1, ఒక్కో అంచుకు 0.05 మిల్లీమీటరు. బార్‌కోడు గీతలు రోలు నడిచే దిశలో ఉన్నాయి కాబట్టి ఇది అడ్డంగా నడిచిన సిరా. నిలువుగా ఎంత నడిచిందో తెలుసుకోవడానికి పోషక విలువల పట్టికలో అడ్డగీతలు కొలిచాను. ఫైలులో 0.2 ఉన్నవి అచ్చులో 0.33 దగ్గర ఉన్నాయి. రోలు దిశలో కాస్త ఎక్కువే. తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు మూసుకునేది సరిగ్గా ఈ దిశలోనే కాబట్టి నా లెక్కకు ఈ పెద్ద అంకెనే తీసుకున్నాను.

ఇప్పుడు పాత ఫైలు చూద్దాం. తెలుగు 5 పాయింట్లు. ఒక పాయింటు 0.353 మిల్లీమీటర్లు. ఆ సైజులో వాళ్లు వాడిన బోల్డు ఫాంటులో ‘ప’ సందు 0.09 మిల్లీమీటరు. పై నుంచీ కింది నుంచీ కలిపి 0.13 సిరా నడిచే చోట 0.09 సందు బతకడం అసాధ్యం. చదివేవాళ్ల కళ్లదీ తప్పు కాదు, కొట్టాయన వెటకారమూ కాదు. ఆ సైజులో, ఆ ప్రెస్‌లో, ఆ ఫాంటుకు ‘ప’ అనే అక్షరమే లేదు.

ఫాంట్లను పోల్చేటప్పుడు పాయింటు సైజు సమానంగా పెట్టి పోల్చడం మోసం. ఒక్కో ఫాంటు తన చట్రంలో అక్షరాన్ని ఒక్కో పెద్దరికంతో గీస్తుంది. యూరప్ ఆహార లేబుల్ నిబంధన ఈ సమస్యను ‘x’ అక్షరం ఎత్తుతో తప్పించుకుంది. మామూలు ప్యాకెట్ మీద అది 1.2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బాగా చిన్న ప్యాకెట్ అయితే 0.9. తెలుగుకు నేను తలకట్టు మినహాయించి ‘ర’ ఒంటి ఎత్తును తీసుకుంటాను. అది అన్ని ఫాంట్లలోనూ 1.2 ఉండేలా సర్ది, ఆపైన మూడే చూస్తాను: ‘ప’ సందు ఎంత, అతి సన్నని గీత ఎంత, ఒత్తు లోపలి ఖాళీ ఎంత. ఈ పరీక్షలో శీర్షికల కోసం గీసిన Ramabhadra లాంటి బరువైన ఫాంట్లు మొదటి చూపులోనే తప్పుకుంటాయి. Noto Serif Telugu లాంటి లావు సన్నాల ఫాంట్లలో చిక్కు వేరు: లావు గీతకు సరిపెడితే సన్న గీత ప్లేటు మీద నిలవదు. గీతలన్నీ దాదాపు ఒకే మందంలో నడిచే Noto Sans Telugu, Hind Guntur, Anek Telugu చివరిదాకా నిలిచాయి.

చివరికి Anek Telugu తీసుకున్నాను. అందానికి కాదు. దానిలో మందం 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా ఏ మధ్య విలువ దగ్గరైనా ఆపుకోవచ్చు. ఒకే కుటుంబంలో నల్ల పాఠానికి ఒక మందం, తెల్ల పాఠానికి ఇంకో మందం కావాల్సిన చోట ఇది చాలా అక్కరకొస్తుంది. నల్ల అక్షరాలకు 6.5 పాయింట్లు, మందం 350, వెడల్పు 110 పెట్టాను. గీత మందం ఫైలులో 0.13 వచ్చింది, అచ్చులో 0.23, 0.26 మధ్యకు చేరుతుంది. అంటే తెర మీద నీరసంగా కనిపించేది పౌచ్ మీద మామూలుగా కనిపిస్తుంది. దీనికన్నా సన్నం చేయాలని ఆశ పుడుతుంది కానీ, 0.1 దగ్గరికి వెళ్తే గీత ప్లేటు మీదే వంకర పోవడం, అక్కడక్కడా తెగడం మొదలవుతుంది. వెడల్పు పెంచడం చోటు దండగ అనిపించవచ్చు. తెలుగు అక్షరాల్లో దాదాపు అన్నీ గుండ్రటి గదులే, వాటిని అడ్డంగా నొక్కితే ముందు చచ్చేవి ఆ గదులే. చోటు చాలక అక్షరాలను 80 శాతానికి నొక్కేసే డీటీపీ అలవాటు మీద నాకు ఏమాత్రం సానుభూతి లేదు.

అయినా ‘ప’ సందు 0.14 దగ్గరే ఆగింది. సిరా నడిచాక మిగిలేది సున్న. ఏ ఫాంటూ దీన్ని పూర్తిగా తీర్చదు, ఎందుకంటే ఏ తెలుగు ఫాంటునూ ఈ పని కోసం గీయలేదు. అమెరికా టెలిఫోను డైరెక్టరీల కోసం మాథ్యూ కార్టర్ 1978లో గీసిన బెల్ సెంటెనియల్‌లో గీతలు కలిసే మూలల్లో గాట్లు పెట్టి, నడిచే సిరా వాటిలో నిండేలా చేశాడు. తెలుగులో మనం ఆ పని అక్షరాల ఆకారాల మీద చేత్తోనే చేసుకోవాలి. పాఠాన్ని ఆకారాలుగా మార్చాక, అంటని తలకట్టున్న ప్రతి అక్షరానికీ తలకట్టును 0.06 పైకి జరిపాను. సందు 0.2 అయింది. జాబితా చిన్నది కాబట్టి చేత్తో అయిపోయింది. ఫాంటులోనే మార్చుదామనుకునేవాళ్లు ‘ప’ ఒక్కటి సరిచేసి ఊరుకుంటే కుదరదు. పె, పే, పొ లాంటివి చాలా ఫాంట్లలో విడి ఆకారాలు, ఒక్కొక్కటీ వేరుగా చూసుకోవాలి.

ఎర్ర పట్టీలో తెల్ల అక్షరాలకు మందం 550, సైజు 7.5. అక్కడ తలకట్టు జరపక్కర్లేదు, సందు దానంతటదే పెరుగుతుంది. జాగ్రత్త పడాల్సింది ‘భ’, ‘ధ’ల కింద గీతా, ఒత్తుల సన్న తోకలూ. వాటిని ఫైలులో 0.25కు తగ్గకుండా చూసుకున్నాను. పట్టీ రంగును రెండు ప్లేట్ల కలయిక నుంచి తీసేసి ఒకే ఎర్ర సిరాగా మార్పించాను. మెజెంటా, పసుపు ఈ పౌచ్ మీద ఇంకెక్కడా లేవు కాబట్టి ఒక ప్లేటు తగ్గి ఖర్చూ తగ్గింది.

సైజు పెరిగితే చోటు ఎక్కడిదని పిన్నిగారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. తెలుగుకు వరుసల మధ్య ఎడం కూడా ఎక్కువ కావాలి: పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ ఢీకొనకుండా ఉండాలంటే 6.5 పాయింట్ల అక్షరానికి వరుసకు 9.5 పాయింట్లు ఇవ్వక తప్పదు. నా సమాధానం పాఠం తగ్గించడమే. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లిషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు అదనం. అదనంగా పెట్టేదాన్ని చదవలేనంత చిన్నగా కుక్కడం ఎవరి కోసం? తెలుగులో తయారీదారు చిరునామా, లైసెన్సు వివరాలు, కంపెనీ గొప్పలు తీసేశాం. దినుసులు, ఇంగువలో గోధుమపిండి ఉందన్న అలర్జీ హెచ్చరిక, వేయించే పద్ధతి, నిల్వ, ఈ నాలుగే ఉంచాం. అలర్జీ మాటను మాత్రం 7.5 పాయింట్లకు పెంచాను. ఉప్పును ‘ఉవ్వు’ అని చదివినా జనం సర్దుకుంటారు. గోధుమ పడనివాళ్లకు ఆ ఒక్క మాటా సరిగ్గా కనిపించాలి.

ప్లేటు చేయించే ముందు సిరా నడకను తెర మీదే చూసుకోవచ్చు. Inkscapeలో పాఠాన్ని ఆకారాలుగా మార్చి, అక్షరాలకు అదే నలుపులో 0.13 మిల్లీమీటర్ల అంచుగీత పెట్టాలి. అంచుగీత సగం లోపలికి, సగం బయటికి వస్తుంది కాబట్టి ఒక్కో పక్కకు 0.065 లావెక్కుతుంది. తెల్ల అక్షరాలకైతే అంచుగీత ఎరుపులో పెట్టాలి. దాన్ని నాలుగింతలు పెద్దది చేసి కాగితం మీద తీసి చూడాలి. అసలు సైజులో లేజర్ ప్రింటు తీస్తే పొడి సిరా కూడా తన వంతు లావు కలుపుతుంది, రెండు తప్పులు కలిసిపోతాయి. ఈ అంచుగీత పరీక్ష కోసమే. అది తీయకుండా ప్లేటుకు పంపితే లావు రెండుసార్లు పడుతుంది.

చదివించి చూసేటప్పుడు ‘మినప్పిండి, ఉప్పు’ అని అసలు జాబితానే ఇవ్వకూడదు. అప్పడాల పౌచ్ మీద ఏముంటుందో అందరికీ తెలుసు, అక్షరం చచ్చిపోయినా మాట ఊహించి చదివేస్తారు. నేను ‘పవ, వప, మవ, సప, దధ, థద, భబ’ లాంటి అర్థం లేని జంటలను అదే సైజులో తీసి, ఇంట్లో అప్పడాలు ఒత్తే ఆడవాళ్లకు ఇచ్చాను. కళ్లద్దాలు మరచిపోయి వచ్చినవాళ్లే మంచి పరీక్షకులు. ‘థ’లో చుక్క పూడిపోవడం అక్కడే బయటపడింది. ఈ పౌచ్ పాఠంలో ‘థ’ లేదు కాబట్టి వదిలేశాను.

అంకెల సంగతి ఇంకా కఠినం. 14 అంకెల ఆహార లైసెన్సు నంబరులో, ఫోను నంబరులో ఊహకు ఆధారమే ఉండదు. 3, 6, 8, 9 నోళ్లు మూసుకుంటే నాలుగూ ఒకటే. అంకెలకు నోళ్లు బాగా తెరిచి ఉన్న రూపం చూసుకుని, తెలుగు పాఠం కన్నా ఒక పాయింటు పెద్దగా పెట్టాను.

ఫైలు పంపేటప్పుడు ఒక చిక్కుంది. మందం, వెడల్పు మార్చుకునే ఇలాంటి ఫాంట్లలో అక్షరం ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఆకారాలుగా మార్చాక వాటిని కలిపేయకపోతే, తెల్ల అక్షరాల్లో ముక్కలు కలిసే చోట చిన్న ఎర్ర చిల్లులు పడే ప్రమాదం ఉంది. Inkscapeలో ఒక్కో రంగు అక్షరాలను విడిగా ఎంచుకుని Path > Union కొడితే పోతుంది. ప్రెస్ వాళ్ల పాత CorelDRAWలో ఒత్తులు చెదిరిపోయే బెడద కూడా ఉంది, కాబట్టి ఫాంటు పంపకుండా ఆకారాల పీడీఎఫ్ మాత్రమే పంపాను. తెలుగు పాఠమంతా నలుపు ఒక్క ప్లేటులోనే ఉందని ముందే చూసుకున్నాను. తెర మీద నల్లగా కనిపించేది నాలుగు రంగుల కలయికైతే ఇప్పటిదాకా చేసిందంతా వృథా.

కొత్త రోలు వచ్చాక ‘ప’ సందు 0.07 దాకా మిగిలింది. లెక్కకు దగ్గరే. అప్పడం అప్పడంగా చదవబడుతోంది, ‘భద్రపరచండి’లో ‘భ’ నిలబడింది. రోలు చివర్లో కొన్ని మీటర్లు మాత్రం మళ్లీ లావెక్కాయి. అక్కడ బార్‌కోడు గీత కూడా 0.40కి చేరింది, అంటే నడుస్తుండగా ఒత్తిడి పెంచారు. ప్రెస్‌తో మాట్లాడి, ప్రతి రోలు మొదటా చివరా ఒక పౌచ్ కోసి పంపమన్నాం. బార్‌కోడు చివరి గీత 0.38 దాటితే రోలు తీసుకోబోమని పిన్నిగారు ఆర్డరు కాగితం మీదే రాయించారు.

ఒడియా పాఠం ఇంకా పాత ఫాంటులోనే ఉంది. ఒడియాలో అక్షరం ఎత్తులో చాలా భాగాన్ని గొడుగు లాంటి పై వంపే ఆక్రమిస్తుంది, ఒక అక్షరాన్ని ఇంకో అక్షరం నుంచి వేరు చేసే ముక్క కింద ఇరుకులో ఉంటుంది. తెలుగుకు పనికొచ్చిన 6.5 పాయింట్లు దానికి చాలవని నా అంచనా. ఆ పాఠం పుట్టుకతో ఒడియా చదివేవాళ్ల చేత కొలిపించాలి. వచ్చే ప్లేటు ఆర్డరు లోపు ఆ పని పర్లాకిమిడిలోని ఒక డీటీపీ ఆయన చేస్తానన్నారు.